ఆవకాయకు ఏ జాడీ?

ఆవకాయ కలిపి మూడు రోజులు ఊరనిస్తే అందులో రెండు ద్రవాలు విడిపడతాయి. నూనె పైకి తేలుతుంది, ముక్కల నుంచి దిగిన ఊట అడుక్కి చేరుతుంది. ఉప్పు నూనెలో కరగదు. మామిడికాయ పులుపు కూడా దాదాపు అంతే. అందువల్ల వేసిన ఉప్పు, కాయలోని పులుపు ఊటలోనే పోగవుతాయి. పచ్చడి నిలవ ఉండే పాత్రకు అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. దాని అడుగుభాగం ఉప్పూ పులుపూ నిండిన ఊటను తట్టుకోవాలి, పైభాగం నెలల తరబడి నూనెను తట్టుకోవాలి.

ఆ ఊట ఎంత ఘాటైనదో ఒక లెక్కలో తెలుస్తుంది. 2 కిలోల ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు అరకిలో చొప్పున, నూనె ఒక కిలో వేశారనుకుంటే మొత్తం పచ్చడి 4.5 కిలోలు. అందులో ఉప్పు 11 శాతం. కానీ మామిడికాయలో ఐదింట నాలుగు వంతులకు పైగా నీరే. 2 కిలోల ముక్కల్లో సుమారు 1.7 కిలోల నీరు ఉంటుంది. అరకిలో ఉప్పూ కరిగేది ఆ నీటిలోనే కాబట్టి ఊటలో ఉప్పు 20 శాతం దాటుతుంది. సముద్రపు నీటిలో ఉండేది మూడున్నర శాతమే. దీనికి తోడు పచ్చిమామిడి రసం పీహెచ్ 3కు అటూఇటూగా ఉంటుంది. ఇనుము, అల్యూమినియం, ఇత్తడి పాత్రలు పచ్చడికి పనికిరాకపోవడానికి కారణం ఇదే. మిగిలినవి పింగాణీ, గాజు, ప్లాస్టిక్.

పింగాణీ జాడీ అని మార్కెట్లో అమ్మేవన్నీ ఒకటి కావు. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా వంటి చోట్ల తయారయ్యే గట్టి జాడీలను 1200 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. ఆ వేడికి మట్టి రేణువులు ఒకదానికొకటి కరిగి అతుక్కుని, నీరు పీల్చని గట్టి దిమ్మగా మారతాయి. తక్కువ వేడిలో కాల్చిన మట్టిపాత్రకు పైన మెరుగు పూసినా లోపలి మట్టి గుల్లగానే ఉంటుంది. మెరుగు బాగున్నంతకాలం తేడా తెలియదు. దానిపై వెంట్రుక మందం పగుళ్లు వచ్చాయంటే ఊట వాటిలోంచి మట్టిలోకి దిగుతుంది. అక్కడ నీరు ఆరి ఉప్పు గడ్డకట్టి, ఆ స్ఫటికాలు పెరిగే ఒత్తిడికి మెరుగు పెచ్చులుగా లేస్తుంది. జాడీ బయటివైపు, ముఖ్యంగా అడుగు అంచున, తుడిచినా మళ్లీ మళ్లీ తెల్లటి పొడి కనిపిస్తే లోపలి ఊట గోడ దాటి వస్తోందని అర్థం. అలాంటి జాడీని ఎంత కడిగినా దాని గోడల్లో పాత పచ్చడి తడి మిగిలే ఉంటుంది.

కొనేటప్పుడే దీన్ని పసిగట్టవచ్చు. జాడీని తిరగేస్తే అడుగున మెరుగు లేని వలయం ఉంటుంది. అక్కడ ఒక నీటిచుక్క వేసి కాసేపు చూడాలి. చుక్క అలాగే నిలిస్తే మట్టి గట్టిది, ఇంకిపోతే గుల్ల. వేలితో మీటితే గట్టి జాడీ ఖంగున మోగుతుంది, బీటలున్నది బొంగురుగా పలుకుతుంది. ఇంటికి తెచ్చాక నీళ్లు నింపి, పొడి కాగితం మీద ఒక రాత్రి ఉంచితే కారడం, చెమర్చడం తెలిసిపోతుంది.

కంటికి కనిపించని ప్రమాదం మరొకటి ఉంది. మెరుగు తక్కువ వేడిలోనే కరగడానికి కొన్నిచోట్ల సీసం కలుపుతారు. పులుపు ఆ సీసాన్ని మెల్లగా బయటికి లాగుతుంది. దానికి రుచి లేదు, రంగు లేదు. ప్రయోగశాలల్లో ఈ పరీక్షకు 4 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని పాత్రలో 24 గంటలు ఉంచి, దిగిన సీసాన్ని కొలుస్తారు. ఆవకాయ మాత్రం జాడీలో ఏడాది ఉంటుంది. అందుకే లోపలివైపు ఎరుపు, నారింజ, పసుపు రంగుల అలంకరణ ఉన్న జాడీలు పచ్చడికి తీసుకోకూడదు. లోపల తెల్లగానో, గోధుమరంగులోనో సాదాగా, నున్నగా ఉండి, ఆహారానికి తగినదని తయారీదారు చెప్పినదే నమ్మదగినది. అమ్మమ్మల నాటి జాడీ అయినా లోపల పగుళ్లు కనిపిస్తే దాన్ని పచ్చడి నుంచి తప్పించాల్సిందే.

గాజుతో ఈ చిక్కులేవీ లేవు. గాజును క్షారం కొంత తినగలదు గానీ మామిడి పులుపు ఏమీ చేయలేదు. ఉప్పు దాన్ని అంటదు, నూనె దానిలోకి ఇంకదు, వాసన పట్టదు. లోపం రెండు చోట్ల ఉంది. మొదటిది వెలుతురు. అది తగిలితే నూనె త్వరగా ఆక్సీకరణం చెంది పాతనూనె వాసన వేస్తుంది, కారం ఎరుపు కూడా వెలిసిపోతుంది. సీసా అలమారలో చీకట్లో ఉంటే ఈ బెడద చాలావరకు తీరుతుంది. రెండోది మూత. రేకు మూత లోపలి పూత ఎక్కడ గీసుకుపోయినా ఉప్పు తడి అక్కడ పట్టుకుని తుప్పు మొదలవుతుంది. మూత లోపల గోధుమరంగు చుక్క ఒక్కటి కనిపించినా దాన్ని మార్చాలి. గాజు మూత, ప్లాస్టిక్ మూత మేలు.

ప్లాస్టిక్ విషయంలో కథ తలకిందులవుతుంది. పులుపు, ఉప్పు దాన్ని పెద్దగా ఏమీ చేయవు. నూనె చేస్తుంది. ఆవకాయ పెట్టిన డబ్బాకు ఎంత తోమినా పోని ఎర్రటి మరక మిగలడం అందరికీ తెలిసినదే. కారంలోని రంగును నూనె ప్లాస్టిక్ గోడలోకి మోసుకుపోయిందనడానికి అది గుర్తు. నూనె లోపలికి వెళ్లగలిగినప్పుడు, గోడలోని నూనెలో కరిగే రసాయనాలు పచ్చడిలోకి రావడానికీ దారి ఉంటుంది. ఆహారానికి వాడే ప్లాస్టిక్‌లో ఇలా దిగేదానికి భారత ప్రమాణం హద్దు పెట్టింది. కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు మించకూడదు. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్, 2 అంకె ఉన్న గట్టి పాలిథిన్, 1 అంకె ఉన్న పెట్ ఆహారానికి వాడే రకాలే. కానీ అంకె చెప్పేది ప్లాస్టిక్ జాతిని మాత్రమే. ఆహారానికి తగినదన్న ముద్రో, గ్లాసు-ఫోర్కు బొమ్మో విడిగా ఉండాలి. పెయింటు డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, తాగేసిన నీళ్ల సీసాలు ఏడాది పచ్చడికి పనికిరావు. వేడి పోపు నూనె అసలే పోయకూడదు. పెట్ సుమారు 70 డిగ్రీలకే మెత్తబడుతుంది. పైగా ప్లాస్టిక్ గోడలోంచి గాలి కొద్దికొద్దిగా చొరబడుతుంది కనుక నూనె గాజులో కంటే ముందే పాతబడుతుంది.

పాత్ర ఏదైనా కొలత కుదరాలి. పై లెక్కలోని 4.5 కిలోల పచ్చడికి 5 లీటర్ల జాడీ చాలు. నూనె పచ్చళ్లపై కనీసం అర సెంటీమీటరు నూనె నిలవాలని ఆహార ప్రమాణాలు చెబుతాయి. 20 సెంటీమీటర్ల వెడల్పున్న జాడీలో ఆ పొరకు సుమారు 157 మిల్లీలీటర్ల నూనె కావాలి. వెడల్పు 12 సెంటీమీటర్లయితే 57 చాలు. అందుకే వెడల్పాటి గిన్నెలాంటి పాత్రల కంటే ఎత్తైన జాడీ నయం. పచ్చడి తీసేకొద్దీ గోడలకు అంటుకుని మిగిలే గుజ్జుకు నూనె రక్షణ ఉండదు. బూజు మొదట పట్టేది అక్కడే. దాన్ని తీసిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవాలి.

ఏడాది నిలవకు లోపల పగుళ్లు లేని గట్టి పింగాణీ జాడీ, వాసెన కట్టి చీకటి గదిలో. రోజువారీ వాడకానికి నెలకు సరిపడా తీసుకునే చిన్న గాజు సీసా. ప్లాస్టిక్ డబ్బా ఊరికి తీసుకెళ్లడానికో, హాస్టల్లో పిల్లలకు ఇవ్వడానికో, కొద్ది వారాల మేరకు మాత్రమే. గట్టి జాడీ దొరకడంపై అనుమానం ఉంటే పెద్ద గాజు సీసానే కొనడం మంచిది.