అరవై నాలుగులో మిగిలేవి మూడు

జేపెగ్ పద్ధతిలో ఫొటోను మొదట 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొడతారు. ఒక గడిలో ఒక్క వరస చూద్దాం. సాయంత్రపు ఆకాశం ముక్క అనుకోండి, ఎడమ నుంచి కుడికి వెలుగు మెల్లగా పెరుగుతోంది: 100, 110, 120, 130, 140, 150, 160, 170.

ఈ వరసలో ఏ కొసైన్ అల పాలు ఎంతుందో లెక్కగట్టేదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు 1974లో దీన్ని ప్రచురించారు. అలలు ఎనిమిది. మొదటిది చదునైన గీత. రెండోది ఒక కొసన ఎత్తుగా మొదలై రెండో కొసకు పల్లంలోకి దిగుతుంది. ఆపైన ఒక్కోటీ మరింత వేగంగా ఊగుతుంది. ప్రతి పిక్సెల్‌నూ ఆ చోట అల విలువతో గుణించి, ఎనిమిదింటినీ కూడి, సగం చేయాలి. మొదటి గీతకు మాత్రం సగానికి బదులు √8తో భాగించాలి. మన వరసకు వచ్చేవి ఇవి:

381.8, −64.4, 0, −6.7, 0, −2.0, 0, −0.5

పిక్సెళ్ల వర్గాలు కూడితే 1,50,000. ఈ కొత్త అంకెల వర్గాలు కూడినా అంతే. దీన్నే శక్తి అంటారు. అది ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. మొదటి రెండు అంకెలే దాదాపు మొత్తాన్నీ పట్టుకున్నాయి, మిగతా ఆరింటికీ కలిపి దక్కింది 50.

పక్కపక్క పిక్సెళ్లు ఒకదాన్నొకటి పోలి ఉండటమే దీనికి మూలం. మెల్లగా మారే వరసను మెల్లగా ఊగే అలే బాగా అందుకుంటుంది. ఇంకో కారణమూ ఉంది, నాకు ఎంతో అందంగా తోచేది ఇదే. ఫూరియర్ లెక్క వరసను మళ్లీ మళ్లీ పేర్చినట్టు చూస్తుంది కాబట్టి 170 పక్కన 100 వచ్చి పడుతుంది. ఆ లేని గెంతును చూపడానికి వేగపు అలలు కావాలి. కొసైన్ లెక్కలో వరస కొసన అద్దం పెట్టినట్టు 170 పక్కన 170 వస్తుంది. గెంతు ఉండదు.

గడిలోని ఎనిమిది వరసలూ ఇలాంటివే అనుకుందాం. ముందు ప్రతి పిక్సెల్ నుంచి 128 తీసేసి, వరసలకూ ఆపైన నిలువు వరసలకూ ఇదే లెక్క చేస్తారు. వచ్చిన 64 అంకెల్లో మొదటివి 56, −182.2, 0, −19.0. ఇంతవరకూ ఒక్క అంకె తగ్గలేదు. పొదుపు జరిగేది తర్వాతి భాగహారంలో: జేపెగ్ నమూనా పట్టిక ప్రకారం 56ను 16తో, −182.2ను 11తో, −19.0ను 16తో భాగించి సవరిస్తే 4, −17, −1 మిగులుతాయి. తక్కిన 61 సున్నాలే.

అదే వరసలో సగం వరకు 100 ఉండి, చటుక్కున 170 అయితే? నాలుగో అంకె పరిమాణం 6.7 బదులు 31.5 అవుతుంది, చివరిది 0.5 బదులు 17.8. శక్తి చెల్లాచెదురైందన్నమాట. ఇక్కడ గట్టిగా కుదిస్తే వేగపు అలలు పోయి, అంచు పక్కన లేని చారలు తేలుతాయి. తెల్ల కాగితం మీది నల్ల అక్షరాల చుట్టూ కనిపించే మసక మచ్చలు అవే. అందుకే అక్షరాలున్న స్క్రీన్‌షాట్‌ను పీఎన్‌జీలో దాచుకోవడం మేలు.