సైకిల్ సీటు, తిమ్మిరి, అంగస్తంభన

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రోజుకు మూడు నాలుగు గంటలు సైకిల్ మీదే గడిపేవారు ఇప్పటికీ కనిపిస్తారు. పాలు పోసేవారు, పేపర్ వేసేవారు, ఊరూరా ఉత్తరాలు పంచే గ్రామీణ డాక్ సేవకులు అలాంటివారే. వీరికి రాగల ఒక ఇబ్బందిని బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. సైకిల్ దిగాక జననాంగం తిమ్మిరెక్కినట్లు ఉంటుంది. కొందరిలో అంగస్తంభన కూడా బలహీనపడుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం.

గట్టి బల్ల మీద కూర్చుని కాస్త అటూఇటూ కదలండి. పిరుదుల లోపల రెండు ఎముకలు బల్లకు తగులుతాయి. వీటిని కూర్చునే ఎముకలు అందాం. శరీరం బరువు మోయవలసింది ఇవే. వీటి మధ్య, వృషణాల వెనుక నుంచి మలద్వారం వరకు ఉన్న మెత్తటి భాగాన్ని పెరినియం అంటారు. పురుషాంగానికి స్పర్శనిచ్చే పుడెండల్ నాడి, రక్తాన్ని తీసుకుపోయే ధమని ఈ ఎముకల లోపలి అంచు పక్కనుంచే ముందుకు సాగుతాయి. సీటు మరీ సన్నగా ఉంటే బరువు ఎముకల మీద నిలవక పెరినియం మీద పడుతుంది. అప్పుడు నాడి నలిగి తిమ్మిరి వస్తుంది, ధమని నొక్కుకుపోయి రక్తప్రసరణ తగ్గుతుంది. రక్తం నిండడం వల్లనే అంగం స్తంభిస్తుంది కాబట్టి, ఏళ్ల తరబడి సాగే ఒత్తిడిని తేలికగా తీసుకోకూడదు.

మెత్తటి సీటు వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. జర్మనీ పరిశోధకులు 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సైకిల్ తొక్కుతున్నవారి పురుషాంగ చర్మం దగ్గర ఆక్సిజన్ ఎంత తగ్గుతుందో కొలిచారు. సన్నగా ఉండి బాగా మెత్త వేసిన సీటు మీద అది సుమారు 82 శాతం తగ్గింది. ముందుకు పొడుచుకొచ్చే ముక్కు లేని, ఒక మోస్తరు మెత్త ఉన్న వెడల్పాటి సీటు మీద తగ్గుదల సుమారు 20 శాతమే. కారణం తేలికగానే అర్థమవుతుంది. మెత్తలోకి ఎముకలు దిగబడతాయి, మధ్యలోని మెత్త పైకి లేచి పెరినియాన్ని నొక్కుతుంది. అందుకే దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసి సీటు కొనవద్దు.

మన పాత నల్ల సైకిల్‌ను ఈ దృష్టితో చూడండి. వెడల్పాటి స్ప్రింగుల సీటు, ఎత్తయిన హ్యాండిల్, నిటారుగా కూర్చునే తీరు. దానిమీద బరువు ఎముకల మీదే పడుతుంది. వంగి తొక్కే గేర్ల సైకిల్‌పై నడుము ముందుకు వాలి, బరువు సీటు ముక్కు వైపు జారుతుంది. ఎదురుగాలిలోనూ, మిట్ట ఎక్కేటప్పుడూ ఈ వాలు ఇంకా పెరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్లగొండ దగ్గరి ఊరి నుంచి పట్నానికి పాలు తెచ్చే యువకుడు గేర్ల సైకిల్ కొన్నాడనుకుందాం. అరగంట తొక్కేసరికి తిమ్మిరి మొదలవుతోంది. మొదట అతడు గట్టి అరుగు మీద అట్టముక్క వేసుకుని, ముందుకు వంగి కూర్చుని లేస్తాడు. అట్టమీద రెండు గుంటలు పడతాయి. వాటి నడిమి బిందువుల మధ్య దూరం 12 సెంటీమీటర్లు ఉంటే, సీటు వెనుక భాగం 14 లేదా 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. అతడి సీటు 12 సెంటీమీటర్లే కాబట్టి ఎముకలు అంచుల మీదే వేలాడుతున్నాయి.

తర్వాత ఎత్తు. మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు సరిగ్గా చాపుకోవాలి. సీటు అంతకంటే ఎత్తుంటే తొక్కిన ప్రతిసారీ నడుము అటూఇటూ ఊగి పెరినియం రాసుకుంటుంది. ఇది తొక్కేవారికి తెలియదు, వెనుక నుంచి చూసేవారికి తెలుస్తుంది. ఆ తర్వాత సీటు మీద మేస్త్రీ వాడే రసమట్టం పెట్టి, ముక్కు పైకి లేచి ఉంటే సమంగా దించాలి. మరీ కిందికి వంచితే శరీరం ముందుకు జారి బరువంతా చేతుల మీద పడుతుంది, అప్పుడు అరచేతులు తిమ్మిరెక్కుతాయి. హ్యాండిల్‌ను కొంచెం పైకి ఎత్తడమూ మేలు చేస్తుంది.

మామూలుగా అయితే ప్రతి పది నిమిషాలకు అరనిమిషం పెడళ్ల మీద లేచి నిలబడమంటాం. నిండు పాల క్యాన్లతో అలా లేస్తే సైకిల్ తూలిపోతుంది. అందుకే అతడు వెళ్లేటప్పుడు మిట్టల దగ్గర దిగి నడిపించుకుపోవాలి, ఖాళీ క్యాన్లతో వచ్చేటప్పుడు లేచి తొక్కాలి. ఒక మార్పు చేసి, తిమ్మిరి ఎన్ని నిమిషాలకు మొదలవుతుందో వారం గమనించి, ఆ తర్వాతే రెండోది చేయాలి. లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

ముక్కు లేని సీట్లను అమెరికాలో సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులకు ఆరు నెలలు ఇచ్చి చూశారు. తిమ్మిరి చాలామందిలో పోయింది. అంగస్తంభనలో మాత్రం మెరుగు కొద్దిగానే కనిపించింది. కాబట్టి తిమ్మిరి తగ్గినంత మాత్రాన అంగస్తంభన సమస్య కూడా తీరినట్లే అనుకోకూడదు. మధుమేహం, రక్తపోటు, పొగతాగడం కూడా దానికి కారణాలు. వాటిని వదిలేసి తప్పంతా సీటు మీద వేయడం నాకు సరిగా తోచదు.

దిగిన కొద్దిసేపటికి తిమ్మిరి పోతే సీటు, కూర్చునే తీరు సరిచేసుకుంటే చాలు. ఒకటి రెండు రోజులైనా పోకపోతే, లేదా ఉదయం నిద్రలేవగానే సహజంగా వచ్చే స్తంభన వారాల తరబడి కనిపించకపోతే సైకిల్ ఆపి యూరాలజిస్టును కలవండి. మూత్రం రావడం కష్టమైనా, కాళ్లలో బలం తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రోజుకు ఎన్ని గంటలు ఎలాంటి సీటు మీద తొక్కుతున్నారో డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.