పదివేలు అన్నారు, ఆరువేలే వచ్చాయి

పవర్ బ్యాంక్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. మన ఫోన్ బ్యాటరీ 5,000. రెండుసార్లు నిండుతుంది కదా అని కొంటాం. తీరా చూస్తే ఫోన్ ఒకసారి నిండుతుంది, రెండోసారి ముప్పై నలభై శాతం దగ్గరికి వచ్చేసరికి పవర్ బ్యాంక్ లైట్లు ఆరిపోతాయి. షాపువాడు టోపీ పెట్టాడనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు. దాన్ని వెనక్కి తిప్పి, కళ్లు చికిలించి చూస్తే ఇంకో అంకె కనిపిస్తుంది: రేటెడ్ కెపాసిటీ 6,000 ఎంఏహెచ్, 5 వోల్టుల దగ్గర. పదివేలూ నిజమే, ఆరువేలూ నిజమే. అయితే పదివేలు లోపలున్న సెల్ లెక్క, ఆరువేలు బయటికొచ్చే కరెంటు లెక్క.

ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ అవర్. ఎంత కరెంటు ఎంతసేపు వస్తుందో అది చెబుతుంది కానీ ఎన్ని వోల్టుల దగ్గరో చెప్పదు. బియ్యం వంద బస్తాలున్నాయని చెప్పి, బస్తా ఎన్ని కిలోలో చెప్పకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పవర్ బ్యాంకులోని లిథియం సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది, అయిపోవచ్చేసరికి 3 వోల్టులకు దిగుతుంది. సగటున 3.7 అని లెక్కేస్తారు. యూఎస్‌బీ పోర్టు మాత్రం 5 వోల్టులు ఇవ్వాలి. అంటే 37 కిలోల బస్తాలను విప్పి 50 కిలోల బస్తాల్లోకి ఎత్తడమన్నమాట. వంద బస్తాలు డెబ్బై నాలుగవుతాయి, కానీ గింజ కూడా పోలేదు. అలాగే పదివేలు 7,400 అయింది. ఇక్కడిదాకా జరిగింది కొలత మారడమే, నష్టం కాదు. దీన్ని కూడా నష్టంలో కలిపేసి పవర్ బ్యాంకును తిట్టడం అన్యాయం.

అసలు నష్టం 7,400 నుంచి 6,000కు దిగడంలో ఉంది. వోల్టేజీ పెంచే పని బూస్ట్ కన్వర్టర్ అనే చిన్న సర్క్యూట్‌ది. ఒక స్విచ్ సెకనుకు లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఒక తీగచుట్టలో శక్తిని నింపుతుంది, ఆ చుట్ట దాన్ని ఎక్కువ వోల్టేజీ దగ్గర వదులుతుంది. స్విచ్‌లోనూ చుట్టలోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. ఫోన్ ఎక్కాక పవర్ బ్యాంక్ గోరువెచ్చగా తగిలేది అందుకే. పోర్టు దగ్గర 10 వాట్లు కావాలంటే, పదో వంతు నష్టం కలుపుకుని సెల్ నుంచి 3 ఆంపియర్లు లాగాలి. సెల్ 3.2 వోల్టులకు దిగాక అదే పనికి మూడున్నర దాకా కావాలి. తీగల్లో వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కనుక చివరి భాగంలో నష్టం ఇంకా ఎక్కువ. ఫాస్ట్ చార్జింగ్‌లో సెల్ మీద పడే భారమూ అలాగే పెరుగుతుంది.

అక్కడితో అయిపోలేదు. కేబుల్ సన్నదైతే అదీ తన వాటా తీసుకుంటుంది. కేబుల్ నిరోధకత 0.2 ఓములనుకుంటే, 2 ఆంపియర్లు వెళ్లేటప్పుడు 0.8 వాట్లు దారిలోనే పోతాయి, అంటే పదిలో ఎనిమిది శాతం. ఆ తర్వాత ఫోన్ తన బ్యాటరీ కోసం 5 వోల్టులను మళ్లీ నాలుగు దగ్గరికి దింపుకుంటుంది. ఎక్కించి దింపడమన్నమాట! రెండుచోట్లా వేడే.

అందుకే వాట్-అవర్లలో లెక్క వేయడం మేలు. పదివేల ఎంఏహెచ్‌ను 3.7తో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే 37 వాట్-అవర్లు. రేటెడ్ అంకె ప్రకారం పోర్టు దాకా వచ్చేవి 30. కేబుల్‌కూ ఫోన్ సర్క్యూట్‌కూ కలిపి నాలుగు పోయాయనుకుంటే బ్యాటరీలోకి చేరేవి 26. ఫోన్ బ్యాటరీ 5,000, సుమారు 3.85 వోల్టులు, అంటే 19 వాట్-అవర్ల పైచిలుకు. 26ను 19తో భాగిస్తే ఒకటీ, దానిపైన మూడోవంతు. మొదట చెప్పిన ముప్పై నలభై శాతం ఇదే. చార్జింగ్‌లో పెట్టి వీడియోలు చూస్తే అదీ తగ్గుతుంది. వైర్‌లెస్ చార్జింగైతే చెప్పనే అక్కర్లేదు.

విమానాల్లో 100 వాట్-అవర్ల హద్దు పెట్టింది కూడా ఈ కొలతలోనే. ఎంఏహెచ్‌లో చెబితే సెల్ వోల్టేజీ తెలియకుండా దానికి అర్థం లేదు.

మరి నిజంగా మోసం చేసే సరుకు ఎలా పట్టుకోవాలి? వెనక రేటెడ్ కెపాసిటీ గానీ వాట్-అవర్లు గానీ రాయకపోతే అనుమానించాలి. కొని వాడేవాళ్లయితే కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ మీటర్‌ను మధ్యలో తగిలించి, లైట్లు ఆరేదాకా ఎన్ని వాట్-అవర్లు వచ్చాయో చదవచ్చు. షాపులో అంత వీలుండదు కనుక తూకం చూడండి. ఇలాంటి సెల్స్ మంచివైనా కిలోకు మహా అయితే 250–270 వాట్-అవర్లు దాస్తాయి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, సెల్స్ బరువే పావుకిలో దాటాలి. అంత పెద్ద అంకె రాసిన డబ్బా నూటయాభై గ్రాములు తూగితే అందులో ఇరవై వేలు ఉండే అవకాశమే లేదు.