చివరి గులాబీ చుక్క

మోర్ లవణం కరిగించిన 20 మిల్లీలీటర్ల నీటిని కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ధారాళంగా కలపాలి. బ్యూరెట్‌లో 0.02 మోలార్ పొటాషియం పర్మాంగనేట్. ముదురు ఊదా రంగు చుక్క ఫ్లాస్కులో పడగానే మాయమవుతుంది. ఒక్కో పర్మాంగనేట్ అయాన్ ఐదు ఫెర్రస్ అయాన్ల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ లాక్కుని, దాదాపు రంగులేని మాంగనీస్‌గా మారిపోతుంది. ఫెర్రస్ అయిపోయాక పడే మొదటి అదనపు చుక్కకు లాక్కోవడానికేమీ మిగలదు. లేత గులాబీ నిలిచిపోతుంది. అందుకే వేరే సూచిక అక్కర్లేదు. ఆ రంగు అర నిమిషం నిలిస్తే చాలు. తర్వాత వెలిసినా మళ్లీ చుక్క వేయకూడదు.

18.4 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. ఒక్కో మిల్లీలీటరుకు 5.585 మిల్లీగ్రాముల ఇనుము చొప్పున, మొత్తం 102.8 మిల్లీగ్రాములు.

ఆమ్లం ఎంపికలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే పర్మాంగనేట్ కొంత క్లోరైడును క్లోరిన్‌గా మార్చడానికి ఖర్చవుతుంది. ఇనుము సమక్షంలో ఈ చర్య మరింత చురుగ్గా సాగుతుంది. ఫలితం, లేని ఇనుము లెక్కలోకి వస్తుంది. ఆమ్లం చాలకపోతే గోధుమరంగు మడ్డి కనిపిస్తుంది. అది మాంగనీస్ డయాక్సైడు. అప్పుడు పర్మాంగనేట్ ఐదు కాక మూడు ఎలక్ట్రాన్లే తీసుకుంటుంది, మళ్లీ లెక్క పెరుగుతుంది. ద్రావణాన్ని గంటల తరబడి వదిలేస్తే మాత్రం గాలే ఫెర్రస్‌ను కొంత ఆక్సీకరించేస్తుంది, విలువ తగ్గుతుంది.

బ్యూరెట్‌లో ముదురు రంగువల్ల కింది వంపు కనబడదు. పై అంచునే చదవాలి, మొదలూ చివరా రెండుసార్లూ.