ఇడ్లీ పిండిలోనూ సెప్టిక్ ట్యాంకులోనూ బ్యాక్టీరియా చేసే పని

తిరువళ్లూరు, తిరుత్తణి వైపు మన ఇళ్లల్లో పిల్లలు బడిలో తమిళంలో ‘నొదిత్తల్’ అని చదువుకొని వచ్చి, దాన్ని తెలుగులో ఏమంటారని అడుగుతుంటారు. కిణ్వనం అంటారు. దానితోపాటు వచ్చే మరి రెండు మాటలు, వాయు శ్వాసక్రియ, అవాయు శ్వాసక్రియ. ఈ మూడింటి తేడా మన వంటింట్లోనూ పెరట్లోనూ కనిపిస్తుంది.

బ్యాక్టీరియా చక్కెరను విడగొట్టినప్పుడు ఎలక్ట్రాన్లు మిగులుతాయి. వాటిని ఎవరో ఒకరు తీసుకోవాలి. తీసుకునేది ఆక్సిజన్ అయితే అది వాయు శ్వాసక్రియ. చక్కెర పూర్తిగా కార్బన్ డయాక్సైడు, నీరు అయిపోతుంది. ఒక గ్లూకోజు అణువుకు పాఠ్యపుస్తకం లెక్కలో 38 ఏటీపీల దాకా శక్తి వస్తుంది. నిజంగా దక్కేది అంతకంటే తక్కువే.

ఇడ్లీ పిండిలో దారి వేరు. అక్కడ ముఖ్యంగా పనిచేసే ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా బయటి నుంచి ఎవరినీ పిలవదు. విరిగిన చక్కెర ముక్కలకే ఆ ఎలక్ట్రాన్లు అప్పగిస్తుంది. ఇదే కిణ్వనం. లాక్టిక్ ఆమ్లం, కొంచెం ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడు మిగులుతాయి. ఆమ్లం వల్ల పులుపు, వాయువు వల్ల పొంగు. గ్లూకోజుకు దక్కేది ఒక్క ఏటీపీయే. అందుకే బతకడానికి అది చక్కెరను ఎక్కువగా తింటుంది, పిండి రాత్రికి రాత్రే పులుస్తుంది. పెరుగు బ్యాక్టీరియా గ్లూకోజుకు రెండు ఏటీపీలు పొందుతుంది, కానీ దాదాపు లాక్టిక్ ఆమ్లమే ఇస్తుంది. వాయువు లేదు కనుక పెరుగు పొంగదు.

మూడోది అవాయు శ్వాసక్రియ. ఆక్సిజన్ లేనిచోట ఎలక్ట్రాన్లను నైట్రేటుకో సల్ఫేటుకో ఇస్తాయి. శక్తి ఆక్సిజన్‌తో వచ్చేదానికంటే తక్కువ. మూతవేసిన సెప్టిక్ ట్యాంకులో సల్ఫేటును వాడుకునే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును వదులుతుంది. అదే కుళ్లిన గుడ్డు వాసన.

ప్రాణాపాయం ఇక్కడే ఉంది. ఈ వాయువు గాలికంటే బరువు కనుక అడుగున నిలుస్తుంది. సుమారు 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ‘వాసన పోయింది, ఇక దిగవచ్చు’ అనుకోవడం పెద్ద పొరపాటు. మూత తీసి కాసేపు ఉంచినా చాలదు. అడుగు బురదను కదిలించగానే అందులో ఉన్న వాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. పడినవాణ్ని లాగబోయి దిగినవాడూ పడిపోవడం అందుకే.

కాబట్టి ట్యాంకు నిండితే పీల్చే లారీనే పిలవండి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా పడితే మీరు దిగకండి. 101కు ఫోన్ చేయండి.