ఎవరెవరికి చెప్పావు?

విజయవాడ హాస్టల్లో ఒకే గదిలో ఉండి డిగ్రీ చదివిన ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు పెళ్లయ్యాక హైదరాబాద్ వెళ్లారు, ఇంకొకరు గుంటూరులో స్థిరపడ్డారు. హైదరాబాద్ ఆవిడకు చాలా ఏళ్లు పిల్లలు కలగక ఐవీఎఫ్ మొదలుపెట్టారు. ఆ సంగతి భర్తకూ, గుంటూరు స్నేహితురాలికీ తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. రోజూ ఒకే వేళకు పొట్టకు ఇంజెక్షన్లు, అండాల సేకరణ, పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టడం అన్నీ అయ్యాయి. రక్తపరీక్ష కోసం రెండు వారాలు ఎదురుచూస్తున్న ఆ రోజుల్లోనే అత్తగారు ఫోన్ చేశారు. "మాకు చెప్పాలనిపించలేదా అమ్మా? పెళ్లిలో ఎవరో అంటే తెలిసింది."

స్నేహితురాలు వాళ్లమ్మకు చెప్పింది. ఆవిడ ఒక పెళ్లిలో, పక్కన కూర్చున్న దూరపు బంధువు దగ్గర అనేసింది. ఆ బంధువు అత్తగారికి కూడా చుట్టమే.

ఇలాంటప్పుడు 'ఎంత మాట పడాల్సి వచ్చింది' అన్నదే ముందు కనిపిస్తుంది. కానీ నష్టం పెద్దది కావడానికి చాలాసార్లు కేవలం దురదృష్టం చాలు. ఆ పెళ్లిలో పక్క కుర్చీలో వేరే మనిషి ఉంటే ఇంత జరిగేది కాదు. మళ్లీ కలవాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు ఎక్కువ పనికొచ్చేవిగా తోచేవి ఇంకో రెండు: మాట ఏ దారిన బయటికి వెళ్లింది, అడిగినప్పుడు స్నేహితురాలు ఏం చేసింది.

ముందు దారి సంగతి. సాండ్రా పెట్రోనియో అనే అమెరికన్ పరిశోధకురాలు వ్యక్తిగత విషయాలను మనుషులు ఎలా కాపాడుకుంటారన్నది దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. ఆమె చెప్పేదేమంటే, రహస్యం ఒకరికి చెప్పిన క్షణం నుంచి వారు కూడా దానికి సొంతదారులవుతారు. ఇద్దరు సొంతదారులున్న పొలానికి హద్దులు తేల్చుకున్నట్టే దీనికీ తేల్చుకోవాలి. మనం ఆ పని చేయం. "నీకే చెబుతున్నా, ఎవరికీ అనకు" అని ఊరుకుంటాం. ఆ 'ఎవరికీ'లో ఎవరెవరు వస్తారన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుంటారు. మన ఇళ్లలో భర్తకు చెప్పడం చాలామందికి చెప్పినట్టే కాదు, అమ్మకు చెప్పడమూ అంతే. గుంటూరు ఆవిడ కూడా, అమ్మ గుడిలో అర్చన చేయిస్తుందని చెప్పి ఉండొచ్చు. అది తప్పే. అయితే హద్దు తెలియక దాటడం వేరు, తెలిసి దాటడం వేరు. "అమ్మకు కూడా చెప్పకు" అని పేరు పెట్టి చెప్పాక చెబితే రెండోది అవుతుంది. గొడవపడిన కోపంలో అన్నా, నలుగురిలో తనకే ముందు తెలుసని చూపించుకోవడానికి అన్నా అంతకంటే బరువైనది. వీటన్నిటి నుంచీ పక్కన పెట్టాల్సింది ఒకటుంది. స్నేహితురాలు చనిపోతానంటోందనో, ఇంట్లో కొడుతున్నారనో తెలిసి, కాపాడగలిగిన వాళ్లకు చెప్పడం. దానివల్ల మాట పోయినా నేను దాన్ని ద్రోహం అనలేను.

దారి తెలియాలంటే అడగాలి. అడగడానికి ముందు ఒక విషయం గుర్తుంచుకుంటే మంచిది. 1990లో రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు ఒక అధ్యయనం చేశారు. తమకు కోపం తెప్పించిన సంఘటన ఒకటి, తాము ఇంకొకరికి కోపం తెప్పించినది ఒకటి రాయమని అందరినీ అడిగారు. బాధపడినవాళ్లుగా రాసినప్పుడు ఆ గాయం ఇంకా ఉన్నట్టు రాశారు. బాధపెట్టినవాళ్లుగా రాసినప్పుడు అదే మనుషులు అది ఎప్పుడో ముగిసిపోయినట్టు, తమకు ఏవో కారణాలున్నట్టు రాశారు. అందుకని ఎదుటివాళ్లు "ఇంత చిన్నదానికా" అంటే, అది వెంటనే దుర్మార్గమని తేల్చేయనక్కర్లేదు. తర్వాత ఏమంటారో చూడాలి.

ఆ ప్రశ్న ఇలా ఉంటే చాలు: "ఎవరెవరికి చెప్పావు? ఎప్పుడు? ఏమని చెప్పావు?" అడిగి ఆగాలి. జవాబు మనమే అందించకూడదు, మనకు ఎంత తెలుసో ముందే బయటపెట్టకూడదు.

"మా అమ్మకే కదే చెప్పింది, బయటివాళ్లకు కాదుగా. ఆవిడ అలా అంటుందని నాకేం తెలుసు? అయినా మీ అత్తగారికి ఎప్పటికైనా తెలియాల్సిందేగా." ఇది ఒక జవాబు. ఇందులో తప్పు అమ్మ మీదికి, అక్కణ్నుంచి అత్తగారి మీదికి వెళ్లింది. చెప్పినామె ఎక్కడా లేదు.

"అమ్మకు చెప్పాను. దసరాకు వెళ్లినప్పుడు. ఐవీఎఫ్ అనీ, ఇది రెండోసారి అనీ కూడా చెప్పాను. మా ఆయనకూ తెలుసు, అది నీకు తెలియదు. చెప్పకుండా ఉండాల్సింది." ఇది ఇంకో జవాబు. వినడానికి ఇదే ఎక్కువ బాధ, ఎందుకంటే మనకు తెలియని ఇంకో పేరు బయటపడింది. నమ్మకానికి పనికొచ్చే గుర్తు మాత్రం అదే. తనకు నష్టమని తెలిసీ, మనం పట్టుకోని తప్పును తానే చెప్పింది. ఆ పేర్లకు వేరే ఉపయోగమూ ఉంది. మాట ఎంతదూరం వెళ్లిందో తెలిస్తే అత్తింట్లో ఎవరితో ఏం చెప్పాలో నిర్ణయించుకోవచ్చు.

ఈ తేడా నా ఊహ మాత్రమే కాదు. రాయ్ లెవికీ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో, పన్ను లెక్కల్లో పొరపాటు చేసిన ఒక ఉద్యోగి కథ ఇచ్చి, ఏ క్షమాపణ నమ్మదగ్గదిగా ఉందని 755 మందిని అడిగారు. తప్పు నాదేనని ఒప్పుకోవడం అన్నిటికంటే ముందు నిలిచింది. సరిదిద్దుతాననడం తర్వాతది. "నన్ను క్షమించు" అని వేడుకోవడం చివరికి వెళ్లింది. మనం మాత్రం ఏడుపుకే ఎక్కువ కరిగిపోతాం.

మన కథలో సరిదిద్దడం అంటే ఏమిటి? బయటికి వెళ్లిన మాట వెనక్కి రాదు. కానీ స్నేహితురాలు తన తల్లితో కూర్చుని, ఇక ఈ విషయం ఎవరి దగ్గరా ఎత్తవద్దని గట్టిగా చెప్పగలదు. రక్తపరీక్ష ఫలితం ఏమైందని తల్లి అడిగితే, నాకు చెప్పొద్దన్నాను అనగలదు. తల్లికి కోపమొచ్చినా ఆ మాట అనడం కష్టమైన పనే, దాన్ని ఆమె చేసిందా లేదా అన్నది నెలరోజుల్లో తెలిసిపోతుంది.

ఇవేవీ చేయని మనిషిని 'పోనీలే' అని కలుపుకుంటే ఏమవుతుంది? లారా లూషీస్, సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధనలో కొత్త దంపతులను ఐదేళ్లపాటు గమనించారు. తప్పు దిద్దుకునే గుణం లేని భాగస్వామిని పదేపదే క్షమించినవాళ్లకు తమ మీద తమకు గౌరవం తగ్గుతూ వచ్చింది. దిద్దుకునే భాగస్వామిని క్షమించినవాళ్లకు పెరిగింది. అది భార్యాభర్తల సంగతే అయినా, ప్రాణస్నేహంలోనూ ఇలాగే జరుగుతుందని నేను అనుకుంటున్నాను.

తొందర మాత్రం వద్దు. హైదరాబాద్ ఆవిడ ఆ రెండు వారాల్లో తేల్చుకోవాల్సిన పనిలేదు. "ఇప్పుడు మాట్లాడే ఓపిక లేదు, ఫలితం వచ్చాక నేనే చేస్తాను" అని ఒక మెసేజ్ చాలు. కలవాలనుకున్నాక కూడా పాత చోటికే రానవసరం లేదు. పండగలకు కలవడం, కబుర్లు, పిల్లల చదువులు అన్నీ ఉంచుకుని, వైద్యం సంగతులు మాత్రం పక్కన పెట్టొచ్చు. ఆ హద్దును పైకి చెప్పాలి: "నాకు నువ్వు కావాలి. హాస్పిటల్ విషయాలు మాత్రం కొంతకాలం నీతో మాట్లాడను." చెప్పకుండా దాచిపెడితే, ఆమె అడిగినప్పుడల్లా అబద్ధం ఆడాల్సి వస్తుంది. "ఇంకా నమ్మవా?" అని ఆమె నొచ్చుకుంటే, "ఈ ఒక్క విషయంలో ఇంకా కాదు" అనడం న్యాయమైన జవాబే. దాన్ని ఓర్చుకుంటుందా, అలుగుతుందా అన్నదీ గమనించాల్సిందే.

వద్దనుకుంటే? హాస్టల్ స్నేహితులందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు, ఎవరో ఒకరు కారణం అడుగుతారు. కారణం చెబితే ఐవీఎఫ్ సంగతి ఇంకో పదిమందికి తెలుస్తుంది. "మా ఇద్దరి మధ్య ఒక విషయం వచ్చింది, దాన్ని మా మధ్యే ఉండనివ్వండి" అంటే సరిపోతుంది. హాస్టల్ రోజుల నుంచి గుంటూరు ఆవిడ రహస్యాలు కూడా ఈమె దగ్గర ఉన్నాయి. స్నేహం వదులుకున్నా వాటికి ఈమె సొంతదారే, కాబట్టి ఆ జాబితాలోని ఒక్క ముక్క కూడా గ్రూపులోకి వెళ్లకూడదు.