తనఖా ఎన్నటికీ క్రయం కాదు

“గడువులోగా బాకీ తీర్చకపోతే ఈ తనఖా దస్తావేజే క్రయ దస్తావేజుగా చెల్లుతుంది.” పొలమో ఇల్లో తనఖా పెట్టినవాళ్ల కాగితాల్లో ఈ వాక్యం కనిపిస్తే భయపడకండి. సంతకం పెట్టినా, రిజిస్ట్రేషన్ అయినా, ఆ షరతు కోర్టులో నిలవదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 60వ సెక్షన్ ప్రకారం, బాకీ చెల్లించాల్సిన గడువు వచ్చాక డబ్బు కట్టి ఆస్తి విడిపించుకోవడం తనఖా పెట్టినవారి హక్కు. గడువు దాటినంత మాత్రాన అది పోదు. అప్పు పుట్టక పిల్ల పెళ్లి ఆగిపోతుందనుకున్న మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. అందుకే అప్పు తీసుకునేటప్పుడే ఆ హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నా చట్టం ఒప్పుకోదు. అప్పిచ్చినవాడికి దక్కాల్సింది అతని బాకీ, పొలం కాదు.

అజ్మీరులో ఒక దుకాణాన్ని 1899లో తనఖా పెట్టారు. 85 ఏళ్లదాకా విడిపించకూడదు, ఆ తర్వాత ఆరు నెలల్లో విడిపించకపోతే అది అమ్మినట్టే అని రాసుకున్నారు. గంగాధర్ కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆరు నెలల షరతు చెల్లదని 1958లో కోర్టు తేల్చింది. కానీ 85 ఏళ్ల గడువును కొట్టేయలేదు. గడువు ఎక్కువైనంత మాత్రాన చాలదు, అవతలివాడి అవసరాన్ని ఆసరా చేసుకుని రుద్దినట్టు కనిపించాలి అంది. దాంతో దావా గడువుకు ముందే వేసిందిగా తేలి వీగిపోయింది. షరతు చెల్లకపోవడం వేరు, గడువు చెల్లకపోవడం వేరు అని ఈ కేసు చూపిస్తుంది.

డబ్బు తీసుకెళ్తే “ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం” అంటూ తిప్పేవాళ్లుంటారు. అలాంటప్పుడు 83వ సెక్షన్ కింద బాకీ మొత్తాన్ని కోర్టులో జమ చేయవచ్చు. కోర్టు అవతలివారికి నోటీసు పంపుతుంది. డబ్బు తీసుకోవడానికి మీవైపు నుంచి చేయాల్సినదంతా చేశాక వడ్డీ కూడా ఆగుతుంది.

నాకు అసలు భయం వేరే కాగితం గురించి. “తనఖా ఎందుకు, క్రయ దస్తావేజు రాసివ్వు, బాకీ తీరగానే తిరిగి రాసిస్తాను” అంటారు. తిరిగి రాసిచ్చే మాట విడి కాగితం మీదో, నోటితోనో ఉంటుంది. అమ్మకం, తిరిగి ఇచ్చే షరతు ఒకే దస్తావేజులో లేకపోతే దాన్ని షరతుగల క్రయ తనఖాగా పరిగణించకూడదని 1929లో 58వ సెక్షన్‌కు చేర్చిన నియమం చెబుతోంది. అప్పుడు 60వ సెక్షన్ ఆసరా దొరకడం చాలా కష్టం. సబ్ రిజిస్ట్రార్ ఎదుట సంతకం పెట్టేముందు దస్తావేజు మీద “క్రయం” అని ఉందో “తనఖా” అని ఉందో చదివించుకోండి. క్రయం అని ఉంటే, తిరిగి ఇచ్చే షరతు ఆ దస్తావేజులోనే ఎక్కితేగానీ సంతకం పెట్టకండి.